పాల ప్యాకెట్ ఆయన పని

పొద్దున్న ఆరున్నర. వంటింట్లో కుక్కర్ రెండో కూత వేసింది. లోపలి గదిలో ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్రలో లేరు. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేసింది, అప్పట్నుంచీ అలాగే ఉన్నారు. ఆమె కాఫీ గ్లాసు తెచ్చి కిటికీ గూట్లో పెట్టి, వంగి ఆయన ముఖం చూస్తుంది. కనుబొమల మధ్య ముడి ఉంటే ఆమె గుండెలో రాయి పడినట్టే. లేకపోతే ఆ పూటకి ఊపిరి. నాలుగేళ్లుగా ఆమె రోజు ఆ కనుబొమల దగ్గరే మొదలయ్యేది.

ఆమెను సుజాత అనుకుందాం. నాకు బాగా తెలిసిన రెండు మూడు ఇళ్ల సంగతులు కలిపి, ఎవరూ గుర్తుపట్టకుండా మార్చి రాస్తున్నాను. ఊరు తెనాలి అనుకోండి. ఆయన ఒక జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఆమె ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఇద్దరు పిల్లలు. ఆయనకు డిప్రెషన్ అని గుంటూరులో డాక్టరు చెప్పేనాటికే జబ్బు వచ్చి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా ఇంట్లో దాని పేరు బద్ధకం, ఆ తర్వాత గ్యాస్ ట్రబుల్, ఆ తర్వాత ఎవరిదో దిష్టి.

జబ్బు పేరు తెలిశాక సుజాత చేసినవి చాలామంది భార్యలూ, భర్తలూ చేసేవే. ఆయనకిష్టమని గుత్తొంకాయ వండింది. సూర్యలంక సముద్రానికి తీసుకెళ్లింది. తిరుపతి మొక్కు తీర్చింది. పాత స్నేహితుల్ని భోజనానికి పిలిచింది. సముద్రం ఒడ్డున ఆయన గంటసేపు ఇసుకలో కూర్చుని, "పోదామా" అన్నారు. బస్సులో వస్తూ, "నువ్వింత చేస్తున్నా నాకేమీ అనిపించట్లేదు. నేనసలు మనిషినేనా?" అన్నారు. ఆమె సంతోషం ఇవ్వాలని తీసుకెళితే ఆయనకు అపరాధభావం మిగిలింది. ఆమెకు ఓటమి మిగిలింది.

అక్కడ జరిగిందేమిటో ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. నచ్చినదాని ఎదుట నిలబడ్డా లోపల ఏమీ కదలకపోవడం డిప్రెషన్ ముఖ్య లక్షణాల్లో ఒకటి. దిగులు కన్నా ఒక్కోసారి అదే పెద్దది. కాలు విరిగినవాడిని పరుగు పందానికి తీసుకెళ్లి, ఎందుకు పరుగెత్తవని అడగం కదా. సంతోషం కలగని జబ్బుకి సంతోషాన్ని మందుగా ఇవ్వబోవడం అలాంటిదే. ప్రేమ తక్కువై కాదు, ఆ ప్రేమను అందుకోవాల్సిన చోటే దెబ్బతిని ఉంది. భార్య బాగా చూసుకుంటే మనిషి ఎందుకిలా అవుతాడని అత్తగారి వైపు వాళ్లు అన్నప్పుడు సుజాత రెండు రోజులు అన్నం తినలేదు. ఆ మాట అన్నవాళ్లకి ఈ సంగతి తెలియదు. అప్పటికి ఆమెకూ తెలియదు.

రెండో ఏడాది చివర డాక్టరు ఆయన్ని బయట కూర్చోమని, ఆమెతో విడిగా మాట్లాడారు. "ఆయన మూడ్ బాగుచేసే పని మీరు మానేయండమ్మా. అది మీ చేతిలో లేదు. నాకు మీ దగ్గర్నుంచి వేరే సాయం కావాలి" అన్నారు. ఆ మాటకు మొదట ఒళ్లు మండిందని సుజాత చెప్పింది. బస్సెక్కాక మాత్రం నాలుగు రోజులుగా మోస్తున్న మూట దించినట్టయిందట.

డాక్టరు అడిగిన మొదటి సాయం సమాచారం. పది నిమిషాల కన్సల్టేషన్‌లో పేషెంటు చెప్పేది ఆ పూట ఎలా ఉందో దాన్నిబట్టి ఉంటుంది. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి మంచి రోజులు గుర్తుండవు, చెడ్డ రోజులు చెప్పే ఓపిక ఉండదు. "ఎలా ఉన్నారు?" అంటే "అలాగే ఉందండీ" అంటారు. అందుకని సుజాత కిరాణా లెక్కలు రాసే పుస్తకంలో వెనక పేజీల నుంచి రాయడం మొదలుపెట్టింది. రోజుకి ఒక్క వరస. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, రెండు పూటలా తిన్నారా, మాత్ర వేసుకున్నారా, స్నానం చేశారా. అభిప్రాయాలు రాయకూడదని ఆమె పెట్టుకున్న నియమం. "దిగులుగా ఉన్నారు" అని రాయదు, "మూడు గంటలు పడుకున్నారు" అని రాస్తుంది. మూడు వారాల పేజీలు చూడగానే, పొద్దున పూట జబ్బు బలంగా ఉండి సాయంత్రానికి కొంచెం తేలికపడుతోందని డాక్టరుకు అర్థమైంది. ఈ జబ్బులో చాలామందికి అలాగే ఉంటుంది. ఆ తర్వాత సుజాత ముఖ్యమైన మాటలన్నీ సాయంత్రం ఆరు తర్వాతకి మార్చుకుంది. పొద్దున ఏడింటికి పిల్లల ఫీజుల ప్రస్తావన తెచ్చి రెండేళ్లపాటు గొడవపడ్డామని తలుచుకుని బాధపడింది.

డాక్టరు అడిగే ఇంకో ప్రశ్న ఉంటుంది, దానికి జవాబు ఎక్కువగా భార్యకో భర్తకో మాత్రమే తెలుస్తుంది. "ఎప్పుడైనా దీనికి పూర్తి వ్యతిరేకంగా ఉన్నారా? వరసగా కొన్ని రోజులు మూడు నాలుగు గంటలే నిద్రపోయి కూడా అలసట లేకుండా, మాటలు ఆగకుండా, పెద్ద పెద్ద పథకాలు వేసి, డబ్బు ఖర్చుపెట్టి?" సుజాత ఇంట్లో అలాంటిది లేదు. నాకు తెలిసిన ఇంకో ఇంట్లో ఉంది. ఆ భర్త దృష్టిలో అవి తన జీవితంలోకెల్లా మంచి రోజులు, అందుకే జబ్బులో భాగంగా ఏనాడూ చెప్పలేదు. భార్య చెప్పాకే అది బైపోలార్ అని తేలింది. మామూలు డిప్రెషన్ మాత్రలు ఒక్కటే ఇస్తే అలాంటివారికి పనిచేయకపోవచ్చు, కొందరిలో మనసు అటువైపు ఎగదోసుకుపోవచ్చు. మందుల తీరే మారిపోతుంది. ఏళ్ల తరబడి తగ్గని డిప్రెషన్ ఉన్న ఇంట్లో ఈ సంగతి, థైరాయిడ్ పరీక్ష, మద్యం అలవాటు, ఈ మూడూ డాక్టరు ముందు పెట్టడం జీవిత భాగస్వామి నిజంగా చేయగలిగిన పని.

ఇక మాత్రలు. సుజాత భర్త వాటిని రెండుసార్లు ఆపేశారు. మొదటిసారి పదో రోజున. ఎస్‌సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి మందుల్లో చెడు ముందొస్తుంది, మంచి వెనకొస్తుంది. మొదటి వారంలోనే కడుపులో తిప్పడం, విరేచనాలు, ఒక రకం అలజడి కనిపించవచ్చు. గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పదో రోజుకి ఆయనకు కష్టమే కనిపించింది. రెండోసారి ఆపింది బాగున్నప్పుడు. మూడు నెలలకి కాలేజీకి వెళ్తున్నారు, నవ్వుతున్నారు, ఇంకెందుకని మానేశారు. నాలుగు రోజులకి తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు. "చూశావా, ఇది అలవాటైపోయే మందు" అన్నారు. ఉన్నట్టుండి ఆపితే వచ్చే ఇబ్బంది అది, మత్తుమందుకి బానిస కావడం వేరు. డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గిస్తే ఆ బాధ చాలావరకు ఉండదు. పూర్తిగా తేరుకున్నాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలైనా వాడమంటారు, జబ్బు మళ్లీ మళ్లీ వచ్చినవారికైతే రెండేళ్లో, ఇంకా ఎక్కువో. జాగ్రత్తపడాల్సింది మొదటి వారాల కోసం రాసిచ్చే నిద్రమాత్రల విషయంలో. పాత చీటీ చూపించి వాటిని నెలల తరబడి కొంటూ పోతే అవి నిజంగానే అలవాటవుతాయి.

రెండోసారి ఆపినప్పుడు సుజాతకు ఒక బంధువు సలహా ఇచ్చింది, మాత్ర పొడిచేసి పెరుగన్నంలో కలిపి పెట్టమని. మన ఇళ్లలో ఇది తరచుగానే జరుగుతుంది. ఆమె కలపలేదు, అదే మంచిదయింది. రోజుకెంత మోతాదు లోపలికి వెళుతోందో అలా చేస్తే ఎవరికీ తెలియదు. తెలిసిన రోజున ఆ మనిషి ఆ ఇంట్లో అన్నం ముట్టడానికి కూడా భయపడతాడు. ఆమె చేసిందల్లా క్యాలెండర్‌లో ఎర్ర గుండీలు గీసి, "మీరు ఆపిన రోజు ఇది, నిద్ర పోయింది ఇక్కడ్నుంచి, స్నానం మానేసింది ఇక్కడ్నుంచి" అని ఒక సాయంత్రం చూపించడం. పది రోజులకి ఆయనే గుంటూరు వెళదామన్నారు. ఆ పది రోజులు ఆమె చేతిలో లేవు.

మాటల సంగతికొస్తే, ఇంట్లోవాళ్లు వినాల్సిన ఒక పరిశోధన ఉంది. హూలీ, టీస్‌డేల్ అనే ఇద్దరు పరిశోధకులు 1989లో దాన్ని ప్రచురించారు. డిప్రెషన్ నుంచి తేరుకుంటున్న కొద్దిమంది వివాహితులను వాళ్లు ఒక చిన్న ప్రశ్న అడిగారు. మీ భార్య, లేదా భర్త, మిమ్మల్ని ఎంతగా తప్పుపడతారని మీకనిపిస్తుంది? ఆ తర్వాత తొమ్మిది నెలల్లో ఎవరికి జబ్బు తిరగబెడుతుందో చెప్పడంలో ఆ ఒక్క జవాబే అన్నిటికన్నా బాగా పనికొచ్చింది. ఇది చదివి సుజాత ఏడ్చింది, అంటే అంతా నావల్లేనా అని. కాదు. జబ్బుకి ఆమె కారణమని ఆ పరిశోధన చెప్పలేదు. తప్పుపట్టడం ఎక్కువైన ఇంట్లో, లేదా మనసు గాయపడి ప్రతి మాటా తప్పుపట్టినట్టే వినబడుతున్న మనిషిలో, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని మాత్రమే చెప్పింది.

దాంతో ఆమె కోపం దాచుకోలేదు, దాచుకుంటే ఎంతకాలం ఆగుతుంది? కోపాన్ని మనిషి మీద నుంచి పని మీదకి మార్చడం నేర్చుకుంది. "మీకసలు ఇంటి బాధ్యతంటూ లేదు" అనే చోట, "కరెంటు బిల్లుకి రేపే ఆఖరు. మీరు కట్టలేదని నాకు కోపంగా ఉంది. ఈసారికి నేను కడతాను, వచ్చే నెల ఇద్దరం కూర్చుని చూద్దాం" అంది. మొదటి వాక్యానికి జవాబు లేదు, మనిషి ఇంకా లోతుకి కుంగడమే. రెండోదానికి "సరే" అన్న జవాబైనా ఉంది.

ఇంకో మాట ఆమెను నమిలేసేది. "నీకు భారమైపోయాను కదా?" రోజుకి పదిసార్లు. "అయ్యో, కాదండీ" అని పదిసార్లూ చెప్పేది. పదకొండోసారి విసుక్కునేది. "అదిగో, విసుగొచ్చింది, నేను చెప్పలా?" అనేవారు. ఈ చక్రం డిప్రెషన్ ఉన్న ఇళ్లలో ఎంత మామూలో, జేమ్స్ కోయిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1976లోనే వివరించాడు. ధైర్యం అడగడం, చెప్పడం, నమ్మకపోవడం, మళ్లీ అడగడం, చివరికి ఎదుటివాళ్లు అలిసిపోవడం. ఆ అలసటే, నేను అక్కర్లేనివాణ్ణి అనే నమ్మకానికి సాక్ష్యమైపోతుంది. ఎన్నిసార్లు ధైర్యం చెప్పినా గుండె నిండదు, ఎందుకంటే కుండకే చిల్లు ఉంది. సుజాత ఆ ప్రశ్నకు ఒక్కసారే, నిజంగా జవాబు చెప్పడం మొదలుపెట్టింది. "కష్టంగానే ఉందండీ. కానీ నేను ఇక్కడే ఉన్నాను. ఈ మాట ఇవాళ్టికి చెప్పాను, మళ్లీ అడిగితే మళ్లీ చెప్పను. లేచి మొక్కలకి నీళ్లు పోద్దాం రండి." మొదట్లో ఆయన అలిగారు. కొన్ని వారాలకి అడగడం తగ్గింది. పోలేదు, తగ్గింది.

పాల ప్యాకెట్ సంగతి చెప్పాలి. డిప్రెషన్ ఉన్నవాళ్ల ఇళ్లలో పనులన్నీ ఒక్కొక్కటే రెండోవాళ్ల చేతిలోకి జారిపోతాయి. పాపం బాగాలేదు కదా అని బ్యాంకు పని, బజారు, పిల్లల స్కూలు, చివరికి ఆయన మంచినీళ్ల గ్లాసు కూడా. అలా చేయడంలో ప్రేమ ఉంది. కానీ ఆ మనిషికి లేచి నిలబడటానికి ఒక్క కారణం కూడా మిగలదు. ఓపిక వచ్చాక పని చేద్దామని డిప్రెషన్ చెబుతుంది. నిజానికి వరస తిరగేసి ఉంటుంది, పని చేయగా చేయగా కొంచెం ఓపిక వస్తుంది. ఈ సూత్రం మీద నడిచే చికిత్సే ఉంది, బిహేవియరల్ ఆక్టివేషన్ అంటారు. అందులో కీలకమంతా పని సైజులో ఉంది. "రోజూ అరగంట వాకింగ్ చేయండి" అన్నది ఆ ఇంట్లో ఆరు నెలలు ఓడిపోయింది. కౌన్సెలర్ ఆయన్నే అడిగారు, ఎంత చెడ్డ రోజైనా చేయగలిగేది ఏమిటని. చాలాసేపు ఆలోచించి, "వీధి చివర పాలు తేగలనేమో" అన్నారు.

వీధి చివరికి నూట యాభై అడుగులు. ఏడింటికి వెళ్లి అర లీటరు ప్యాకెట్లు రెండు తేవాలి. స్నానం చేయాలని లేదు, చొక్కా మార్చాలని లేదు, మనసు బాగుండాలని అసలే లేదు. సుజాతకు పెట్టిన షరతు ఇంకా కష్టమైనది. ఆయన తేకపోతే ఆమె తేకూడదు. రెండో రోజే ఆయన లేవలేదు. పిల్లలు టీలేకుండా స్కూలుకెళ్లారు. ఆమె ఏమీ అనలేదు, గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చిందట. మొదటి వారంలో ఆయన మూడు రోజులు తెచ్చారు. రెండో వారంలో ఐదు. ఒకరోజు పాలతోపాటు కొత్తిమీర కట్ట తెచ్చారు. ఆమె ఆనందంతో అరవబోయి ఆపుకుంది. పెద్దగా మెచ్చుకుంటే ఆయనకు మరునాడు దాన్ని నిలబెట్టుకోవాలన్న భయం పట్టుకునేది, ఇంతకుముందు అలా అయింది. "పచ్చడి చేస్తాను" అని మాత్రం అంది.

ఇంతవరకూ ఆయన గురించే. ఆమె ఏమైంది? నాలుగేళ్లలో మిషన్ మీద దుమ్ము పేరుకుంది. చెల్లెలు ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాం" అని పెట్టేసేది. ఆయన ముందు నవ్వడం నేరమనిపించి పిల్లలతో కూడా గొంతు తగ్గించి మాట్లాడేది. రాత్రి పన్నెండు దాటినా నిద్ర లేదు. కోయినే తన సహచరులతో కలిసి 1987లో ఇంకో పరిశోధన చేశాడు. డిప్రెషన్‌లో ఉన్నవారితో కలిసి బతుకుతున్న పెద్దవాళ్లలో నూటికి నలభై మందికి పైగా, వాళ్లకే చికిత్స అవసరమయ్యేంత వేదనలో ఉన్నారని తేలింది. సుజాతను ఒకరోజు డాక్టరు ఆయన్ని అడిగిన ప్రశ్నలే అడిగారు. నిద్ర, ఆకలి, ఏడుపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఇవి రెండు వారాలకు మించి ఉన్నాయా? ఉన్నాయి. ఆమెకూ విడిగా వైద్యం మొదలైంది. అది ఆలస్యంగా జరిగిందని ఆమె అంటుంది, నేనూ అంటాను.

ఆమె చెల్లెలికి నిజం చెప్పింది. ఇంటి బయట ఒక్క మనిషికైనా ఉన్నదున్నట్టు తెలియాలి, లేకపోతే అబద్ధం మోయడానికే సగం ఓపిక పోతుంది. పిల్లల్ని కూర్చోబెట్టి, "నాన్నకి జబ్బు. మీరేం చేసినందుకూ కాదు, మీరేం చేసినా పోయేదీ కాదు. డాక్టరు చూస్తున్నారు" అని చెప్పింది. చిన్నవాడు, "అయితే నేను లెక్కల్లో తప్పానని కాదా?" అని అడిగాడు. రెండేళ్లుగా వాడు అదే అనుకుంటున్నాడు. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు ఐదు నుంచి ఏడు దాకా చెల్లెలింట్లో కుట్టుపని పెట్టుకుంది. ఆ రెండు గంటలకు ఒకటే నియమం. ఆయన మూడ్ బాగాలేదన్న కారణంతో ఆగకూడదు. ప్రాణానికి ప్రమాదమైతేనే ఆగాలి.

ఆ తేడా కనిపెట్టడం నేర్చుకోవాలి. "బతికి ఏం లాభం" అన్న మాట వినబడినప్పుడు చాలామంది "ఛ, అలా అనకండి" అని నోరు మూయిస్తారు. అడగాలి. "చచ్చిపోవాలని ఆలోచనలొస్తున్నాయా? ఎలా అన్నది కూడా అనుకున్నారా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది. ఎలా, ఎప్పుడు అన్నది అనుకుని ఉంటే, అప్పులు అప్పగింతలు చేస్తుంటే, అంతకుముందు ప్రయత్నం చేసి ఉంటే, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో, పాతికేళ్లలోపు వారిలో ఇంకా ఎక్కువగా, కళ్లు తెరుచుకుని ఉండాలి. దిగులు తగ్గకముందే ఒంట్లో కదలిక వస్తుంది కొందరికి. ఇంట్లో పురుగుమందు ఉంటే ఇల్లు దాటించాలి, మాత్రల స్ట్రిప్పులు ఒక వారానికి సరిపడా మాత్రమే ఉంచాలి. ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, జబ్బు ఉన్నవాళ్లే కాదు ఇంట్లోవాళ్లూ చేయొచ్చు. పోలీసు కేసవుతుందన్న భయంతో దాచేవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, అతన్ని శిక్షించకూడదు.

ఇక్కడా ఆమె చేయలేనిది ఉంది. అడగగలదు, ప్రమాదం తొలగించగలదు, ఆసుపత్రికి చేర్చగలదు. ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు కాపలా ఏ మనిషీ కాయలేరు. కొట్టడం, వస్తువులు విసరడం, డబ్బులాక్కోవడం మాత్రం డిప్రెషన్ ఖాతాలో రాసి భరించాల్సినవి కావు. జబ్బు అలాగే ఉన్నా, పిల్లల్ని తీసుకుని ఆ ఇల్లు వదలొచ్చు. 181కి ఫోన్ చేయొచ్చు.

ఆయనకు పూర్తిగా తగ్గలేదు. ఈ ఏడాది రోజూ కాలేజీకి వెళుతున్నారు, వేసవిలో ఒక నెల మళ్లీ పడ్డారు. గడ్డం గీసుకోవడం మానేసిన మూడో రోజునే సుజాత పుస్తకంలో రాసింది, డాక్టరు మోతాదు మార్చారు, ముందులా నాలుగు నెలలు పట్టలేదు. మొన్న మంగళవారం ఆమె చెల్లెలింటికి బయలుదేరుతుంటే ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆమె గుమ్మంలో ఆగి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగింది. "లేదు. ఊరికే బాలేదు" అన్నారు. "ఏడింటికి వస్తాను. అన్నం గిన్నెలో ఉంది" అని చెప్పి చెప్పులు తొడుక్కుంది. తిరిగొచ్చేసరికి గిన్నె అలాగే ఉంది. ఆమె కాళ్లు కడుక్కుని, తన కంచంలో వడ్డించుకుని, కూర్చుని తింది.